అధ్యాయాల వరుస మార్చమని పరిశోధక విద్యార్థికి లేఖ ఎలా రాయాలి?

నెల్లూరు జిల్లా సారా వ్యతిరేకోద్యమంపై పరిశోధన చేస్తున్న విద్యార్థిని ఒకరు నాకిచ్చిన చిత్తుప్రతిలో అధ్యాయాలు ఏళ్ల వరుసలో ఉన్నాయి: అక్షరాస్యతా ఉద్యమం, 1992లో దూబగుంట మహిళల పోరాటం, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు. తేదీల్లో తప్పు లేదు. అయినా ఆ వరుసను అంశాల వారీగా మార్చమని పర్యవేక్షకుడిగా ఆమెకు లేఖ రాయవలసి వచ్చింది.

లేఖ మొదలుపెట్టే ముందు చిత్తుప్రతిని పెన్సిలు పట్టుకుని మరోసారి చదవాలి. ప్రతి పేరా పక్కన అది దేని గురించో ఒక్క మాటలో రాసుకుంటూ పోతే, ఈ ప్రతిలో సారా వేలంపాటల ప్రసక్తి మూడు అధ్యాయాల్లో తగిలింది. వేలం ద్వారా ప్రభుత్వానికి వచ్చే ఆదాయం ఒకచోట, పాటలను మహిళలు అడ్డుకోవడం మరొకచోట, ఆ ఆదాయం పోతుందని పాలకులు వెనుకాడటం ఇంకొకచోట ఉండటంతో, మూడింటికీ ఉన్న సంబంధాన్ని చదివేవారే వెతుక్కోవలసి వస్తోంది.

లేఖలో మొట్టమొదట ఈ ఆధారాన్నే పేజీల సంఖ్యలతో చూపాలి. "వరుస బాగాలేదు" అంటే విద్యార్థికి ఏమీ తెలియదు. నేను ఇలా రాశాను: "మీ రెండో అధ్యాయం 'ఆ తరువాత' అన్న మాటతో మూడో అధ్యాయానికి వెళుతోంది. మీ వాదన మాత్రం 'అందువల్ల' అన్న మాటను కోరుతోంది. చదువు నేర్చుకునే రాత్రిబడి మహిళలు కూడి మాట్లాడుకునే చోటు ఎలా అయిందన్నది మీ అసలు ప్రశ్న; దానికి జవాబు ముక్కలుగా చెదిరిపోయింది."

తరువాత కొత్త వరుసను సూచించాలి. ఇక్కడ అంశాలు నాలుగు: ఇంటి ఆదాయం మీద సారా దెబ్బ, రాత్రిబడి, వేలంపాటలు, చట్టం. పాత పేజీల్లో ఏవి ఎక్కడికి వెళతాయో కూడా చెబితే, రెండేళ్ల శ్రమ వృథా అయిందన్న బెంగ ఆమెకు ఉండదు.

అంశాల వరుసకూ ఒక ప్రమాదం ఉంది. 1993లో సారా ఒక్కటే నిషిద్ధమైందని, మిగిలిన మద్యం 1995 దాకా ఆగలేదని తెలియని పాఠకుడు తికమకపడతాడు. అందుకని పరిచయంలో సంఘటనల క్రమాన్ని నాలుగైదు పేజీల్లో చెప్పమని, ప్రతి అధ్యాయం లోపల మళ్లీ కాలక్రమాన్నే పాటించమని లేఖలో స్పష్టంగా కోరాలి. ఒకవేళ పరిశోధన ప్రశ్నే "నిషేధ విధానం 1993 నుంచి 1997 దాకా ఎలా మారింది?" అయితే పాత వరుసను కదిలించకూడదు, ఆ సంగతి కూడా దాచకుండా రాయాలి.

చివరగా, అధ్యాయాలను వెంటనే తిరగరాయవద్దని చెప్పాలి. ఒక్కో అధ్యాయం ఏం నిరూపిస్తుందో ఒక్కో వాక్యంలో రాసి తెమ్మని అడిగాను. ఆమె తెచ్చిన నాలుగు వాక్యాల్లో చట్టం గురించినది ఇంకా సంఘటననే చెబుతోంది. ఆ ఒక్కదాన్ని కూర్చుని సరిచేశాక, కత్తిరింపులు మొదలుపెట్టాం.