కాలేజీ హ్యాకథాన్‌కు బడ్జెట్ వేయడం ఎలా?

హ్యాకథాన్ పోస్టర్ మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది ప్రైజ్‌మనీ. బడ్జెట్ కాగితం మీద మాత్రం దాన్ని అన్నిటికంటే చివర రాయాలి. బహుమతిని ప్రకటించే ముందు రోజు వరకూ తగ్గించుకోవచ్చు. లోపలికి వచ్చి కూర్చున్న 120 మందికి అన్నం పెట్టకుండా ఉండలేం కదా.

గుంటూరులో ఒక ఇంజినీరింగ్ కాలేజీ సొంత క్యాంపస్‌లో 24 గంటల హ్యాకథాన్ పెడుతోందనుకుందాం. శనివారం ఉదయం 10 గంటలకు మొదలై, ఆదివారం 10 గంటలకు కోడింగ్ ఆగి, మధ్యాహ్నానికి జడ్జింగ్ పూర్తవుతుంది. నలుగురేసి చొప్పున 30 టీములు. కింది ధరలన్నీ లెక్క చూపడానికి వేసుకున్నవే. వాటి స్థానంలో మీ ఊరి కొటేషన్లు పెట్టుకోండి.

1. ముందు తలలు, తర్వాత ప్లేట్లు

తినేవాళ్లు పోటీదారులు మాత్రమే కాదు. 120 మంది విద్యార్థులకు 16 మంది వాలంటీర్లు, 8 మంది మెంటార్లు, జడ్జిలు, ఎలక్ట్రీషియన్, వాచ్‌మన్, శుభ్రం చేసేవాళ్లు కలిపి ఇంకో ఆరుగురు. మొత్తం 150. ఈ చివరి ఆరుగురిని చాలామంది మర్చిపోతారు.

అన్ని పూటలకూ 150 ప్లేట్లు చెప్పడం రెండో పొరపాటు. అర్ధరాత్రికి కొందరు పడుకుంటారు. ఆదివారం జడ్జింగ్‌లో తమ వంతు అయిపోయిన టీములు కొన్ని భోజనానికి ఆగకుండా బస్సెక్కుతాయి. అందుకే పూటపూటకీ వేరే అంకె వేయండి:

- శనివారం భోజనం: 150 × 120 = 18,000
- సాయంత్రం టీ, బజ్జీ: 150 × 40 = 6,000
- రాత్రి భోజనం: 150 × 120 = 18,000
- అర్ధరాత్రి టీ, బన్ను: 130 × 40 = 5,200
- ఆదివారం టిఫిన్: 140 × 60 = 8,400
- ఆదివారం భోజనం: 110 × 120 = 13,200

కలిపితే 68,800. క్యాటరర్ 5 శాతం జీఎస్టీ వేస్తే 72,240 అవుతుంది. తాగునీటికి మనిషికి 5 లీటర్ల చొప్పున 20 లీటర్ల క్యాన్లు 38 కావాలి. 40 తెప్పిస్తే క్యాన్ 30 చొప్పున ఇంకో 1,200. భోజనాల పద్దు 73,500 రూపాయలని రాసుకోండి.

క్యాటరర్‌తో మాట్లాడేటప్పుడు 'గ్యారంటీ ప్లేట్లు' ఎన్ని అన్నది కాగితం మీద ఉండాలి. ఎంతమంది తిన్నా, ఆ అంకెకు డబ్బు కట్టాల్సిందే. గ్యారంటీ కాస్త తక్కువ చెప్పి, పది శాతం ఎక్కువ వచ్చినా వడ్డించేలా మాట తీసుకోండి. ప్రతి పూటకూ వేరే రంగు కూపన్ ఇవ్వండి. రాత్రి భోజనానికి హాస్టల్ స్నేహితులు కూడా వరసలో నిలబడతారు. వాడిన ప్లేట్లు, చేతికొచ్చిన కూపన్లు పోల్చి చూస్తే ఆ సంగతి అక్కడికక్కడే తెలిసిపోతుంది.

2. హాలు ఉచితమే, కరెంటు కాదు

కాలేజీ సెమినార్ హాలుకు అద్దె లేకపోయినా ఖర్చు ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది కరెంటు. ఒక్కో ల్యాప్‌టాప్ చార్జర్ 65 వాట్లు అనుకుంటే 120 చార్జర్లకు 7,800 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర 34 ఆంపియర్లు. లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ స్విచ్ 16 ఆంపియర్లదైతే, ఆ లైను మోసేది 3,680 వాట్లే. గోడకున్న సాకెట్లన్నీ ఒకే లైను మీద ఉంటే, అందరూ ఒకేసారి చార్జర్ పెట్టగానే ట్రిప్ అవుతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లైతే ఇంకా ముందే. ఏ సాకెట్ ఏ ఎంసీబీ కిందికి వస్తుందో ఎలక్ట్రీషియన్ చేత వారం ముందే గుర్తు పెట్టించి, టీములను కనీసం మూడు లైన్ల మీద పంచండి. మూడు లైన్లు లేకపోతే రెండు హాళ్లు వాడండి.

టీముకొకటి చొప్పున, మరో నాలుగు అదనంగా 34 ఎక్స్‌టెన్షన్ బోర్డులు అద్దెకు 1,700, ఎలక్ట్రీషియన్‌కు 2,000, జనరేటర్‌కు 40 లీటర్ల డీజిల్ 4,000, రాత్రి కాపలాకు, శుభ్రతకు 6,000, పరుపుల అద్దె 3,000, క్యాంపస్ వైఫై పడిపోతే ఆదుకునే రెండో ఇంటర్నెట్ లైనుకు 5,000. అన్నీ కలిపి 21,700.

3. మెంటార్లు

పరిశ్రమలో పనిచేసేవాళ్లు చాలాసార్లు ఫీజు అడగరు. రానుపోను చార్జీలు, బస మాత్రం మనమే చూసుకోవాలి. ఊళ్లోనే ఉన్న నలుగురికి క్యాబ్ 500 చొప్పున 2,000; హైదరాబాద్ నుంచి వచ్చే నలుగురికి 2,500 చొప్పున 10,000; రెండు గదులకు 4,000; జ్ఞాపికలకు 4,000. మొత్తం 20,000. మెంటార్ అవసరం ఎక్కువగా ఉండేది టీము ఏం తయారు చేయాలో తేల్చుకునే మొదటి ఆరేడు గంటల్లోనే. రాత్రి సందేహాలకు ఆన్‌లైన్‌లో ఇద్దరు ఉంటే చాలు.

గుర్తింపు కార్డులు, సర్టిఫికెట్లు, బ్యానర్‌కు 8,000. టీషర్టులను బడ్జెట్‌లో పెట్టకండి. 150 టీషర్టులు 250 చొప్పున 37,500. స్పాన్సర్ వాటికే విడిగా డబ్బిస్తే చేయించండి.

నాలుగు పద్దులూ కలిపితే 1,23,200. పది శాతం అనుకోని ఖర్చులకు వేస్తే 1,35,500.

4. స్పాన్సర్ ప్యాకేజీల ధర లోటును బట్టి

మనిషికి 300 ఫీజుతో 36,000, కాలేజీ ఇచ్చేది 80,000 అనుకుంటే చేతిలో 1,16,000. లోటు 19,500. బహుమతులు 25,000, 15,000, 10,000 ఇవ్వాలంటే ఇంకో 50,000. స్పాన్సర్ల నుంచి రావలసింది 69,500. కాబట్టి 50,000కు ఒక టైటిల్ ప్యాకేజీ, 20,000 చొప్పున రెండు గోల్డ్, 8,000 చొప్పున మూడు స్టాల్స్ అమ్మకానికి పెట్టండి. ఒక టైటిల్, ఒక గోల్డ్ కుదిరినా సరిపోతుంది.

ఇక్కడ మూడు చోట్ల లెక్క తప్పుతుంది. కాలేజీకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, ప్యాకేజీ ధర 18 శాతం జీఎస్టీతో కలిపి చెబితే, 50,000లో మనకు మిగిలేది 42,373. ప్రపోజల్‌లోనే 'జీఎస్టీ అదనం' అని రాయండి. రెండోది, కంపెనీ మాటిచ్చినా, ఇన్‌వాయిస్ పంపాక డబ్బు పడటానికి నెలో రెండు నెలలో పట్టవచ్చు. క్యాటరర్ అంతదాకా ఆగడు. కాబట్టి ఖాతాలో పడిన సొమ్మును, మాట మీద ఉన్న సొమ్మును వేరు వేరు కాలమ్‌లలో రాయండి. మూడోది, క్లౌడ్ క్రెడిట్లు, కోర్సు కూపన్లు. అవి టీములకు పనికొస్తాయి, కానీ వాటితో భోజనాల బిల్లు తీరదు. వాటి విలువను ఆదాయంలో కలపకండి.

5. చివర బహుమతి

స్పాన్సర్ ఒక్కరూ రాకపోతే? ఆదివారం భోజనం తీసేసి, కోడింగ్‌ను ఉదయం 8కే ఆపి 12 కల్లా ఫలితాలు చెబితే జీఎస్టీతో కలిపి 13,860 మిగులుతుంది. బయటి ఊరి మెంటార్లను ఆన్‌లైన్‌కు మారిస్తే 14,000, పరుపులు ఎవరివి వారే తెచ్చుకుంటే 3,000. ఖర్చు 1,04,640కి దిగుతుంది, బహుమతులకు 11,000 మిగులుతుంది. పోస్టర్ మీద వేయాల్సిన అంకె ఇదే: 'బహుమతులు కనీసం 11,000'. స్పాన్సర్ డబ్బు ఖాతాలో పడ్డాక పెంచి మళ్లీ ప్రకటించండి.

నగదును టీము లీడర్ చేతికివ్వకుండా నలుగురి ఖాతాలకు విడివిడిగా పంపండి. 25,000 అయితే తలా 6,250. ఖాతా వివరాలు, పాన్ నంబర్ గెలిచిన రోజే తీసుకోండి. బహుమతి మీద పన్ను కోత ఉంటుందా లేదా అన్నది మాత్రం కాలేజీ అకౌంట్స్ విభాగాన్ని పోస్టర్ వేయకముందే అడిగి, కోత ఉంటే ఆ మాట నిబంధనల్లో రాయండి.