సార్వత్రిక న్యాయపరిధి – పాఠం 3: నిందితుడి దేశం ఒప్పుకోకపోయినా కేసు ఎలా నిలుస్తుంది?

ఘోర నేరం ఎక్కడ జరిగినా, ఎవరు చేసినా, మరో దేశపు కోర్టు విచారించగలిగే అధికారమే సార్వత్రిక న్యాయపరిధి. ఏ నేరాలు ఈ పరిధిలోకి వస్తాయో కిందటి పాఠంలో చూశాం. ఈసారి ఒక్క కేసును పట్టుకుని, అది కోర్టులో నిలుస్తుందో లేదో తేల్చడం నేర్చుకుందాం.

అన్వర్ రస్లాన్ సిరియా నిఘా సంస్థలో కల్నల్. డమాస్కస్‌లోని 251వ శాఖలో ఖైదీల ఇంటరాగేషన్ విభాగం ఆయన చేతిలో ఉండేది. 2012లో ప్రభుత్వాన్ని వదిలేశాడు, 2014లో జర్మనీ చేరాడు. మరుసటి ఏడాది, సిరియా గూఢచారులు వెంటపడుతున్నారని బెర్లిన్ పోలీసులకు ఫిర్యాదు చేస్తూ తన పాత ఉద్యోగం సంగతి తానే చెప్పాడు! ఆ శాఖ జైల్లో ఖైదీలను చిత్రహింసలు పెట్టి చంపారన్న ఆరోపణపై 2019 ఫిబ్రవరిలో అరెస్టయ్యాడు.

చంపినవారూ చచ్చినవారూ సిరియన్లే, ఘోరం జరిగిందీ అక్కడే. మరి జర్మన్ కోర్టుకేం పని? మొదట చట్టం వెతకండి. 2002లో జర్మనీ చేసిన అంతర్జాతీయ నేరాల చట్టం మొదటి సెక్షన్ ప్రకారం, మానవాళిపై నేరాలు ఎక్కడ జరిగినా, జర్మనీతో ఏ సంబంధం లేకపోయినా విచారించవచ్చు. సిరియా అనుమతి ప్రసక్తే అందులో లేదు.

రెండోది, మనిషి ఎక్కడున్నాడు? నిందితుడు జర్మనీలో లేకుండా, వచ్చే సూచన కూడా లేకుంటే ప్రాసిక్యూటర్ కేసు వదిలేయవచ్చు. రస్లాన్ అక్కడే కాపురం ఉన్నాడు కాబట్టి ఈ చిక్కు రాలేదు.

మూడోది, పదవి రక్షణ. 'ప్రభుత్వం తరఫున చేశాను' అనే వాదనను జర్మనీ ఫెడరల్ సుప్రీంకోర్టు 2021 జనవరిలో ఒక అఫ్గాన్ సైనికాధికారి కేసులో తోసిపుచ్చింది. యుద్ధ నేరాలకు కింది స్థాయి అధికారులకు అలాంటి రక్షణ లేదంది. పదవిలో ఉన్న దేశాధినేత సంగతి వేరు.

సిరియా అనుమతి లేని లోటు అసలు తెలిసేది నాలుగో ప్రశ్న దగ్గర: సాక్ష్యం ఏది? అప్పట్లో దర్యాప్తు అధికారులు డమాస్కస్ వెళ్లి ఆ జైలు చూడలేకపోయారు, అక్కడి రికార్డులు తెప్పించుకోలేకపోయారు. అందుకే రస్లాన్‌ను విచారించిన జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టు యూరప్‌కు చేరిన మాజీ ఖైదీల మాటల మీద, 'సీజర్' అనే మారుపేరుతో ఒక ఫోటోగ్రాఫర్ దేశం దాటించిన శవాల ఫోటోల మీద ఆధారపడింది. కొందరు సాక్షులు సిరియాలో మిగిలిన బంధువులకు హాని జరుగుతుందని భయపడి పేర్లు దాచుకున్నారు.

ఫలితం అంకెల్లో చూడండి. అభియోగపత్రంలో 58 హత్యలు. 2022 జనవరి 13 తీర్పులో రుజువైనవి 27. శిక్ష మాత్రం యావజ్జీవమే. మిగతావి జరగలేదని కాదు, ఒక్కో చావును ఈయన కాలానికీ ఈ జైలుకూ విడిగా ముడిపెట్టాలి. నేరస్థలం అందుబాటులో లేనప్పుడు తెగేది ఆ ముడే.

అభ్యాసం: 2000లో బెల్జియం జడ్జి ఒకరు, అప్పుడు పదవిలో ఉన్న కాంగో విదేశాంగ మంత్రిపై వారెంటు జారీ చేశారు. బెల్జియం చట్టం అందుకు ఒప్పుకుంది. అయినా 2002లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాన్ని రద్దు చేయమంది. పై నాలుగింటిలో ఆ వారెంటు దేని దగ్గర ఆగిపోయిందో, మంత్రి పదవి దిగిపోయాక జవాబు మారుతుందో లేదో రాసి ఉంచుకోండి. పాఠం 4 అక్కడినుంచి.