హాఫ్ మారథాన్ టేపర్: చివరి రెండు వారాల్లో కాళ్లు బరువెక్కితే తప్పు ఎక్కడుంది?

రేస్‌కి ముందు రెండు వారాలు పరుగు తగ్గించడాన్ని టేపర్ అంటారు. నెలల తరబడి చేసిన ట్రైనింగ్ వల్ల ఒంట్లో పేరుకున్న అలసటను దించడమే దాని పని. సంపాదించిన స్టామినా మాత్రం దిగిపోకూడదు. చాలామందికి అలసటతో పాటు కాళ్ల చురుకుదనం కూడా పోతుంది, లేదంటే రెండూ అలాగే ఉండిపోతాయి. తగ్గించాల్సినదాన్ని వదిలేసి ఇంకేదో తగ్గించడమే దీనికి కారణమని నాకు అనుభవం మీద తెలిసింది.

టేపర్ మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2007లో వచ్చింది. రెండు వారాల పాటు మొత్తం దూరాన్ని 41 నుంచి 60 శాతం తగ్గించి, వేగాన్నీ వారానికి పరిగెత్తే రోజుల సంఖ్యనూ అలాగే ఉంచినవారికి ఎక్కువ మేలు జరిగినట్టు అందులో తేలింది. కింద చెప్పే సమస్యల్లో చాలావరకు ఈ మూడింటి దగ్గరే మొదలవుతాయి.

ముందు ఒక లెక్క

వారానికి ఐదు రోజులు, మొత్తం 50 కిలోమీటర్లు పరిగెత్తే ఒక రన్నర్‌ని తీసుకుందాం. రేస్ ఆదివారం. సోమ, గురువారాలు రెస్ట్. పెద్ద వారంలో అతని పరుగు ఇలా ఉంది: మంగళవారం 8, బుధవారం 10 (అందులో 6 రేస్ పేస్‌లో), శుక్రవారం 8, శనివారం 6, ఆదివారం లాంగ్ రన్ 18. ఆ లాంగ్ రన్ రేస్‌కి సరిగ్గా 14 రోజుల ముందు పడుతుంది. పెద్ద పరుగుల్లో అదే ఆఖరిది.

టేపర్ మొదటి వారం 30 శాతం కోస్తాడు. మంగళవారం 6, బుధవారం 8 (అందులో 4 రేస్ పేస్‌లో), శుక్రవారం 6, శనివారం 3, ఆదివారం 12. మొత్తం 35. రేస్ వారంలో, రేస్‌ని పక్కన పెడితే, 60 శాతం కోస్తాడు. మంగళవారం 6, బుధవారం 6 (అందులో 2 రేస్ పేస్‌లో), శుక్రవారం 5, శనివారం 3. మొత్తం 20.

బుధవారం పరుగుని చూడండి. రెండు వారాల్లోనూ అది పోలేదు. రేస్ పేస్ భాగం 6 నుంచి 4కి, 4 నుంచి 2కి తగ్గింది కానీ ఆ పేస్ మాత్రం మారలేదు. రోజులు కూడా ఐదుకి ఐదూ ఉన్నాయి, ఐదో రోజు రేసే.

వారానికి 25 కిలోమీటర్లు పరిగెత్తేవారు ఇంత కోయనక్కర్లేదు. దించుకోవాల్సిన అలసట వాళ్లకి అంతగా ఉండదు. మొదటి వారం 20కి, రేస్ వారం 10 - 12కి తెచ్చుకుంటే సరిపోతుంది.

సమస్య 1: పరుగు తగ్గించాను, అయినా కాళ్లు మొద్దుబారినట్టు ఉన్నాయి

ఎక్కువమందిని టెన్షన్ పెట్టేది ఇదే. రేస్ వారం మంగళవారం 6 కిలోమీటర్లు మెల్లగా పరిగెత్తినా తొడలు బరువుగా ఉంటాయి, రోజూ సులువుగా వచ్చే పేస్ కూడా కష్టంగా అనిపిస్తుంది.

కారణం రెండు రకాలు. ఒకటి, వేగంగా పరిగెత్తడం పూర్తిగా మానేయడం. “ఇప్పుడు రెస్ట్ కదా” అని పది రోజులు ఈజీ రన్‌లే చేస్తే, లేదా వరుసగా మూడు నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే, రేస్ పేస్‌లో అడుగు ఎలా పడాలో కాళ్లకి అలవాటు తప్పుతుంది. నేనూ ఒకసారి రేస్‌కి ముందు నాలుగు రోజులు అసలు పరిగెత్తలేదు. రేస్‌లో మొదటి 5 కిలోమీటర్లు ఊపిరి బాగానే ఉంది, కాళ్లే తిరగలేదు. రెండో రకం మామూలుదే. శరీరం ఇంకా మరమ్మతులో ఉంటుంది, ఆ బరువు రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది.

ఏది మీదో తెలుసుకోవడానికి స్ట్రైడ్స్ చేసి చూడండి. ఈజీ రన్ చివర్లో 20 సెకన్ల చొప్పున నాలుగు సార్లు చురుగ్గా పరిగెత్తండి. పూర్తి స్ప్రింట్ వద్దు. మధ్యలో ఊపిరి పూర్తిగా కుదురుకునేదాకా నడవండి. మూడో, నాలుగో సారికి కాళ్లు తేలికపడితే లోపించింది వేగమే. శుక్ర, శనివారాల పరుగుల చివర కూడా ఇలాగే చేయండి, బుధవారం రేస్ పేస్ భాగాన్ని వదలకండి. నాలుగో సారికీ బరువు అలాగే ఉంటే కింది సమస్య చూడండి.

సమస్య 2: రేస్ వారం వచ్చినా అలసట పోలేదు

లక్షణాలు స్పష్టంగానే ఉంటాయి. నిద్ర లేవగానే, మంచం దిగకముందు చూసుకున్న నాడి మామూలు కన్నా నిమిషానికి 5 - 10 ఎక్కువగా కొట్టుకుంటుంది. ఈజీ పేస్‌లోనే హార్ట్ రేట్ పైకి పోతుంది. నిద్ర సరిగ్గా పట్టదు.

కొందరిలో దీనికి కారణం కోత చాలకపోవడం. 50ని 45 చేసి టేపర్ అనుకుంటారు. ఇంకొందరు దూరం సరిగ్గానే కోస్తారు, కానీ కాళ్లు కాస్త తేరుకోగానే ప్రతి ఈజీ రన్‌నీ గబగబా లాగించేస్తారు. దూరంలో మిగిల్చింది వేగంలో ఖర్చయిపోతుంది. ఆగిన పరుగు స్థానంలో జిమ్‌లో బరువులు ఎత్తేవారికీ ఇదే జరుగుతుంది. కాళ్లకి బరువుల వ్యాయామం చివరి వారం పది రోజులు ఆపేయాలి.

ఇలాంటప్పుడు శుక్రవారం పరుగు తీసేయండి. మిగతా ఈజీ రన్‌లు ఆగకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా చేయండి. బుధవారం 2 కిలోమీటర్ల రేస్ పేస్ మాత్రం ఉంచుకోండి. అంత చిన్న ముక్క వల్ల కొత్త అలసట రాదు.

సమస్య 3: సరిపడా ట్రైనింగ్ చేయలేదేమోనని భయం, ఇంకో లాంగ్ రన్ చేయాలనిపిస్తోంది

జ్వరం వల్లో, పని వల్లో ఒక వారం పోయినవారికి ఈ ఆలోచన ఎక్కువగా వస్తుంది. రేస్‌కి వారం ముందు 18 కొట్టి లోటు పూడ్చుకుందామనుకుంటారు. కష్టమైన పరుగు వల్ల కలిగే లాభం కాళ్లకి అందడానికి సుమారు పది రోజులు పడుతుంది, అలసట మాత్రం మర్నాడే వచ్చేస్తుంది. కాబట్టి ఆ 18 రేస్ రోజున నష్టమే తప్ప లాభం ఇవ్వదు. ఆ ఆదివారం 12 దాటకండి. అలా పరుగు లేకుండా పోయిన వారం టేపర్ మొదటి వారమే అయితే కోత ఎలాగూ జరిగిపోయింది, ఇక మళ్లీ తగ్గించకుండా నేరుగా రేస్ వారం లెక్కలోకి వెళ్లండి. జ్వరం ఇంకా ఉంటే మాత్రం పరుగే వద్దు.

సమస్య 4: ఎప్పుడూ లేని నొప్పులు

పిక్క పట్టినట్టు, మోకాలు లాగినట్టు ఉంటుంది. పరుగు తగ్గి ధ్యాసంతా ఒంటి మీదికి మళ్లడంతో, ఇదివరకు గమనించని చిన్న నొప్పులు కూడా తెలుస్తుంటాయి. ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట ఉండి, పది నిమిషాలు పరిగెత్తేసరికి మాయమయ్యే నొప్పిని పట్టించుకోనక్కర్లేదు. వేలితో చూపించగలిగేంత ఒకేచోట ఉండి, పరిగెత్తేకొద్దీ పెరుగుతూ, కుంటేలా చేస్తే అది గాయం. ముఖ్యంగా ఎముక మీద నొక్కితే నొప్పి పుడితే పరుగు ఆపి, రేస్‌కి ముందే డాక్టర్‌కి చూపించండి.

సమస్య 5: బరువు కిలో పెరిగింది

తిండి తగ్గించకండి. ఖర్చు తగ్గడంతో కండరాల్లో గ్లైకోజెన్ నిల్వ పెరుగుతుంది. ఒక గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. తూకంలో కనబడే ఆ కిలోలో చాలావరకు ఇదే, రేస్ చివరి 5 కిలోమీటర్లలో మీకు కావాల్సిన ఇంధనం కూడా ఇదే.