కోచ్‌కు వారం ఉత్తరం - 4వ పాఠం: సోమవారం తూకం, తప్పిన భోజనం

గత పాఠంలో, బరువు తగ్గడానికి కోచ్‌కు వారం వారం రాసే ఉత్తరం కోసం రోజూ బరువు చూసి రాయమంటే, చాలామంది సోమవారం పొద్దున ఒక్క అంకె చూసుకుని 'సార్, కిలోన్నర పెరిగాను, అన్నం ఇంకా తగ్గించమంటారా?' అని రాసి పంపారు. తప్పిన భోజనాల సంగతి ఈసారి చెబుదామనుకున్నాను గానీ, ముందు ఈ సోమవారాన్ని తేల్చాలి.

ఆదివారం నెల్లూరు వైపు చేపల పులుసు లేని ఇల్లు అరుదు. పులుసులో ఉప్పు ఎక్కువ, దానితో అన్నం రెండింతలు. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. అన్నంలోని పిండిపదార్థం కొంత కండరాల్లో, కాలేయంలో నిల్వ చేరేటప్పుడు గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని వెంట తీసుకెళుతుంది. కడుపులో, పేగుల్లో ఉన్న తిండి బరువు దీనికి అదనం. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. కిలోన్నర కొవ్వు పెరగాలంటే మామూలు తిండికి పైన 11,500 కేలరీలు తినాలి. ఎంత మంచి పులుసైనా ఒక్క పూటలో అది జరిగే పని కాదు. పెరిగిన నీరు సాధారణంగా బుధ, గురువారాలకు దిగిపోతుంది. ఈలోపు అన్నం తగ్గించేస్తే నీటి బరువుకు భయపడి ఆకలిని కొనితెచ్చుకున్నట్టే.

అందుకని ఉత్తరంలో ఏడు రోజుల సగటు రాయండి. లేవగానే బాత్‌రూముకు వెళ్లొచ్చి, ఏమీ తాగకముందు, ఒకే మిషను మీద, గచ్చు మీద పెట్టి చూడాలి. చాప మీద పెడితే అంకె మారుతుంది. నెలసరి వచ్చేవాళ్లు ఈ సగటును పోయిన వారంతో కాక, పోయిన నెల అదే వారంతో పోల్చుకోవాలి. ఫోన్ యాప్‌లుంటే ఉండనీయండి, నేను గోడ క్యాలెండర్ మీద పెన్నుతో రాయమనే చెబుతాను. ఇంట్లో అందరి కళ్లూ దానిమీద పడతాయి.

ఇక ఉదాహరణ. టంగుటూరు పొగాకు వేలం కేంద్రంలో పనిచేసే మనిషి అనుకుందాం. పోయిన వారం సగటు 82.4 కిలోలు. ఈ వారం మంగళవారం నుంచి 82.0, 82.1, 81.8, 81.9, 81.7, 81.6, సోమవారం 83.1. మొత్తం 574.2, ఏడుతో భాగిస్తే 82.0. అంటే సోమవారం అంకె కలుపుకున్నా 400 గ్రాములు తగ్గాడు. ఉత్తరం ఇలా ఉండాలి:

'సార్, నమస్తే. సగటు 82.0, పోయిన వారం 82.4. సోమవారం 83.1 వచ్చింది, ముందురోజు రాత్రి చేపల పులుసు తిన్నాను. మంగళ, బుధ, శుక్రవారాలు వేలం వల్ల ఒంటిగంటన్నర భోజనం తప్పింది. నాలుగింటికి రెండు మిరపకాయ బజ్జీలు, పంచదార టీ. ఆ మూడు రోజులూ మూడింటికి నీరసం, రాత్రి ఎనిమిదింటికి ఆకలి పదికి ఎనిమిది, అన్నం చెప్పినదానికి సగం ఎక్కువ తిన్నాను. మిగతా రోజుల్లో నీరసం లేదు, రాత్రి ఆకలి నాలుగు. రాత్రి భోజనం మార్చొద్దు. వేలం రోజుల్లో పదకొండున్నరకు తినేది ఏదైనా చెప్పండి. పది నిమిషాలే దొరుకుతుంది, ఫ్రిజ్ లేదు, చేతులకు పొగాకు దుమ్ము ఉంటుంది కాబట్టి చెంచాతో తినేదై ఉండాలి.'

ఇందులో కోచ్‌కు పనికొచ్చేది 'భోజనం తప్పింది' అన్న మాట కాదు. ఏ పూట, ఎందుకు, బదులుగా ఏం తిన్నారు, తర్వాత ఏమైంది అన్నవి. ఆకలి పక్కన ఎన్ని గంటలకో రాయకపోతే రాత్రి ఆకలికి కారణం రాత్రి భోజనమే అనుకుని కోచ్ దాన్ని మార్చేస్తాడు. ఇక్కడ తప్పు మధ్యాహ్నానిది. గంట రాశారు కాబట్టే శనగ గుగ్గిళ్లో, ముక్కలు చేసిన ఉడికిన గుడ్లో డబ్బాలో పెట్టుకెళ్లమని సులువుగా చెప్పగలడు.

మార్పు ఒక్కటే అడగండి. మూడు అడిగితే వచ్చే వారం బరువు దేనివల్ల కదిలిందో ఎవరికీ తెలియదు.

షుగరుకు మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు భోజనం తప్పినప్పుడు చేతులు వణికి చెమటలు పడితే, వెంటనే పంచదార నీళ్లు తాగి డాక్టరుకు చెప్పాలి. వారం ఉత్తరం కోసం ఆగకూడదు.

అభ్యాసం: ఏడు రోజులూ తూకం, తప్పిన ప్రతి పూట, ఆకలి గంటతో సహా రాసుకోండి. పన్నెండు వాక్యాల్లో ఉత్తరం రాయండి. 'బాగానే ఉంది', 'కొంచెం', 'అప్పుడప్పుడు' అన్న మాటలు ఎక్కడ వస్తే అక్కడ కొట్టేసి, వాటి చోట అంకెనో, రోజునో, గంటనో పెట్టండి. పెట్టడానికి ఏమీ దొరక్కపోతే ఆ వాక్యాన్నే తీసేయండి. వచ్చే పాఠం నిద్ర గురించి.