కాలర్ మైక్ పెట్టి ఫోన్‌లో రికార్డు చేసే ముందు

ముందుగా మైక్ పిన్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడుంటే అది టీఆర్ఆర్ఎస్, ఫోన్‌కి సరిపోతుంది. రెండే ఉంటే టీఆర్ఎస్, కెమెరా కోసం చేసింది. దాన్ని నేరుగా గుచ్చితే ఫోన్ మైక్ కోసం చూసే చోట గ్రౌండ్ తగులుతుంది. ఫోన్ అది ఉత్త హెడ్‌ఫోన్ అనుకుని, ఏమీ చెప్పకుండా తన సొంత మైక్‌తోనే రికార్డు చేసుకుపోతుంది. నేనిలాగే నలభై నిమిషాల ఇంటర్వ్యూ పోగొట్టుకున్నాను. మైక్ ఆయన కాలర్‌కి, ఫోన్ బల్ల మీద; వినిపించిందంతా ఫ్యాన్ హోరే.

రెండు గీతల మైక్‌కి టీఆర్ఎస్ నుంచి టీఆర్ఆర్ఎస్‌కి మార్చే అడాప్టర్ కావాలి. రెండు రంధ్రాల స్ప్లిటర్ అయితే మైక్ బొమ్మ ఉన్న దాంట్లోనే పెట్టండి. హెడ్‌ఫోన్ జాక్ లేని ఫోన్‌కి టైప్-సీ అడాప్టర్ కొనేటప్పుడు మైక్ కూడా పనిచేస్తుందో లేదో చూసుకోండి. కొన్ని అడాప్టర్లు పాటలు వినడానికే పనికొస్తాయి.

బ్లూటూత్ ఆపేయండి, లేకపోతే కొన్ని యాప్‌లు ఇయర్‌బడ్స్ మైక్‌ని పట్టుకుంటాయి. యాప్ సెట్టింగుల్లో ఇన్‌పుట్ ఎంచుకునే వీలుంటే ఎక్స్‌టర్నల్ మైక్ పెట్టండి. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి.

ఆ తర్వాత రికార్డు నొక్కి కాలర్ మైక్‌ని గోటితో గీకండి, తర్వాత ఫోన్ అడుగు భాగాన్ని. మైక్ పిన్‌ని, అడాప్టర్ ఉంటే దాన్నీ తీసేసి ఫోన్ స్పీకర్లో వినండి. మొదటి గీకుడు గరగరమని పెద్దగా వినిపించాలి. రెండోదే పెద్దగా ఉంటే మైక్ అందలేదన్నమాట. పిన్ గట్టిగా నొక్కి మళ్లీ చూడండి. చాలాసార్లు ఫోన్ కవర్ అడ్డొచ్చి పిన్ పూర్తిగా దిగదు.