సాయంత్రం లెక్క, 4వ పాఠం: ఆట మొదలయ్యే ముందు ఏం జరిగింది?

మీ ఆయన ఆటని ఆనందిస్తున్నారా, ఏదైనా తప్పించుకోవడానికి అందులో దాక్కుంటున్నారా అని తెలుసుకోవడానికి, పోయిన పాఠంలో వారం రోజుల పాటు ఇంట్లో ఆయన ఆట లెక్క రాయమన్నాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. రాసిన కాగితాన్ని తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టారు. "చూడండి, వారంలో 19 గంటలు" అన్నారు. "మరి నువ్వు సీరియళ్ళు చూసిన గంటలు రాశావా?" అని ఆయన అడిగారు. అక్కడితో మాటలు ఆగిపోయాయి. ఆ కాగితం మీ కోసమే, ఎవరికీ చూపించొద్దు అని నేను చెప్పి ఉండాల్సింది. చెప్పక్కర్లేదనుకున్నాను, అది నా పొరపాటు. చూపించేసినవాళ్ళు ఇప్పుడు చేయగలిగింది ఒక్కటే. "నిన్ను పట్టుకోవాలని రాయలేదు, నాకు అర్థం కావాలని రాశాను, అయినా అలా ముందు పెట్టడం తప్పే" అని చెప్పి ఊరుకోండి. దాని వెనకే "కానీ" అని ఇంకో మాట కలపొద్దు.

అందుకని ఈ పాఠంలో కొత్త సంగతి తక్కువ. ముందు గంటల లెక్క సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే చాలామంది తడబడేది అక్కడే.

ఐపీఎల్ తీసుకోండి. సాయంత్రం మ్యాచ్ ఏడున్నరకి మొదలై పదకొండు దాటుతుంది. మార్చి చివరి నుంచి మే చివరి దాకా దాదాపు రోజూ ఉంటుంది. ఒకాయన ఒక్క బంతి వదలకుండా చూస్తే వారానికి 24 గంటలు దాటుతుంది. ఇంకొకాయన ఫోన్‌లో రోజూ గంటే ఆడతాడు, వారానికి 7 గంటలు. కాగితం మీద మొదటాయనదే పెద్ద సమస్యలా కనిపిస్తుంది. కానీ మొదటాయన ఇన్నింగ్స్ మధ్య విరామంలో లేచి పాపకి పళ్ళు తోమిస్తాడు. ఓవర్ల మధ్య "రేపు గ్యాస్ బుక్ చెయ్యాలి కదా" అంటాడు. మ్యాచ్ లేని రోజు మీతో పాటు కూరగాయలకి వస్తాడు. రెండో ఆయన ఆడే ఆ ఒక్క గంటా, పిల్లాడి ఫీజు గురించి మీరు నోరు తెరిచిన మరుక్షణం మొదలవుతుంది. ఇప్పుడు చెప్పండి, ఎవరి విషయంలో మీరు ఆగి ఆలోచించాలి?

మ్యాచ్‌కి గడియారం బయట ఉంది. టాస్ ఏడింటికని అందరికీ ముందే తెలుసు, మీ ఇంట్లో ఏం జరిగినా అది మారదు. తప్పించుకోవడానికి ఆడే ఆటకి గడియారం మనిషి లోపల ఉంటుంది. ఇబ్బందిపెట్టే విషయం వచ్చినప్పుడల్లా అది మోగుతుంది. అందుకే నేను ఎంతసేపు ఆడాడన్నది రాయను. హెడ్‌సెట్ పెట్టుకునే ముందు పది నిమిషాల్లో ఇంట్లో ఏం జరిగిందో రాస్తాను. ఆట ముగిశాక మొహం ఎలా ఉందో చూస్తాను. ఆనందించి లేచినవాడు ఆ ఆట గురించి ఏదో ఒకటి చెప్పాలని చూస్తాడు. దాక్కుని లేచినవాడు చప్పుడు చేయకుండా వచ్చి పడుకుంటాడు. ఇది నా సొంత గుర్తు. దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకండి.

ఒకావిడ తన కాగితాన్ని ఎవరికీ చూపించకుండా నాకు పంపారు. వాళ్ళది కూకట్‌పల్లి, ఆయన ఫోన్‌లో జట్టుగా ఆడే బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడతారు. పేర్లు తీసేసి ఇక్కడ పెడుతున్నాను.

సోమవారం 8:40కి అత్తగారి ఫోన్ అయింది, మరిది చేసిన అప్పు గురించి. 8:45కి హెడ్‌సెట్. లేచేసరికి 11:50. మంగళవారం ఏమీ లేదు. పాత స్నేహితుడు పిలిస్తే తొమ్మిదిన్నరకి ఒక్క మ్యాచ్ ఆడి, పది దాటాక తనే లేచి పాలు తోడేశారు. బుధవారం ఆవిడే అడిగారు, "మీ తమ్ముడికి ఇంకెంత ఇవ్వాలి?" అని. జవాబు లేదు, హెడ్‌సెట్ పెట్టుకున్నారు. గురువారం మళ్ళీ ఫోన్ వచ్చింది. ఆ రాత్రి ఇంట్లో నెట్ పోయింది. ఆట లేదు. ఆయన బాల్కనీలోకి వెళ్ళి, ఫోన్‌లో ఉన్న పాత ఫొటోలు గంటన్నర చూస్తూ కూర్చున్నారు.

ఈ వారం మొత్తంలో నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పింది గురువారమే. ఆట మీద మోజే అసలు సంగతైతే, నెట్ పోయినప్పుడు చిరాకు పడాలి, రూటర్ దగ్గరికి పరిగెత్తాలి. ఈయనకి కావాల్సింది ఆట కాదు, ఆ అప్పు మాట వినపడని చోటు. మంగళవారం చూడండి, అదే మనిషి, అదే ఆట, అరగంటలో హాయిగా లేచారు. ఫోన్ తీసి దాచేసినా, రీఛార్జ్ ఆపేసినా ఈ ఇంట్లో ఒరిగేదేమీ లేదు. చోటు మారుతుంది, అంతే.

బుధవారంలో ఇంకోటి ఉంది, ఆవిడకి నొప్పి కలిగించినా చెప్పాలి. ఒకరు అడిగేకొద్దీ ఇంకొకరు వెనక్కి తగ్గడం, తగ్గేకొద్దీ మొదటివాళ్ళు ఇంకా గట్టిగా అడగడం, దంపతుల మీద పరిశోధన చేసినవాళ్ళు ఏళ్ళుగా గమనిస్తున్న చక్రం ఇది. ఎవరు మొదలుపెట్టారని వెతికితే దొరకదు. ఆపేది మాత్రం ఎవరైనా కావచ్చు.

ఆవిడ ఇలా ఆపారు. రాత్రి పూట అప్పు మాట ఎత్తడం మానేశారు. ఆదివారం ఉదయం కాఫీ అప్పుడు, "ఏవండీ, ఆట గురించి కాదు. మీ తమ్ముడి విషయంలో మీకు భయంగా ఉందేమో అనిపిస్తోంది. పది నిమిషాలు చాలు, ఇవాళ ఏమీ తేల్చొద్దు" అన్నారు. ఆయన మొదట "మళ్ళీ మొదలుపెట్టావా" అన్నారు. ఆవిడ వాదించకుండా కాఫీ తాగారు. కాసేపటికి ఆయనే, ఆవిడకి చెప్పకుండా రెండు లక్షలకి పూచీ సంతకం పెట్టానని చెప్పారు. నెలన్నరగా మోస్తున్న సంగతి అది. ఆ ఇంట్లో అప్పు తీరలేదు. కానీ ఆ తర్వాతి రెండు వారాల్లో రాత్రి పదకొండు దాటి ఆడింది ఒక్కరోజే.

మాట ఎత్తే వేళ గురించి ఒక్క ముక్క. బీజీఎంఐలో క్లాసిక్ మ్యాచ్ చివరిదాకా బతికితే అరగంట పడుతుంది, మధ్యలో ఆపే వీలుండదు, వదిలేస్తే ఆ స్క్వాడ్‌లో మిగతా ముగ్గురూ దెబ్బతింటారు. ఆ మధ్యలో అడిగి జవాబు రాలేదని లెక్కలో వేసుకోకండి. మ్యాచ్ అయ్యాక, తర్వాతి మ్యాచ్ మొదలయ్యే ముందు ఉండే లాబీ అనే తెరకి వస్తారు, అప్పుడు పిలవండి. అప్పుడూ "ఒక్కటి, ఇంకొక్కటి" అంటుంటే అది రాసుకోండి.

ఒకాయన తన భార్య రాత్రంతా ఫోన్‌లో పజిల్ ఆటలు ఆడుతోందని రాశారు. పద్ధతి అదే, తేడా లేదు.

ఈ పద్ధతి సరిపోని ఇళ్ళున్నాయి. ఆట ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండీ నిద్రా ఉద్యోగం అన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ళముందు కనిపిస్తున్నా కొనసాగడం, ఈ మూడూ కలిసి మామూలుగా కనీసం ఏడాదిగా ఉంటే దాన్ని గేమింగ్ డిజార్డర్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ ఐసీడీ-11లో ఇది ఉంది, 2022 నుంచి అమల్లో ఉంది. అందులోనూ ఇన్ని గంటలని గీత గీయలేదు. అలాంటప్పుడు కాఫీ దగ్గర మాటలు చాలవు, మానసిక వైద్యుల్ని కలవాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో, ఆటలతో సహా టెక్నాలజీ అతి వాడకం కోసమే షట్ క్లినిక్ ఉంది. ఆటలో సంతోషం కూడా పోయి, ఊరికే వేళ్ళు కదుపుతూ కూర్చుంటున్నారనిపిస్తే ఏడాది దాకా ఆగొద్దు, అది డిప్రెషన్ కావచ్చు. మ్యాచ్ మీద డబ్బు పెడుతుంటే అది వేరే సమస్య, ఈ పాఠాల్లో దాన్ని కలపను.

అభ్యాసం: ఈసారి 14 రోజులు. గంటలు రాయొద్దు. రోజుకి మూడు వరుసలు చాలు: మొదలయ్యే ముందు ఏం జరిగింది, ముగిశాక మొహం ఎలా ఉంది, ఆట కుదరని రోజు దాని బదులు ఏం చేశారు. నోట్‌బుక్‌లోనే రాయండి, ఫోన్‌లో వద్దు, ఫోన్‌ ఇద్దరి చేతుల్లోకీ వెళ్తుంది. ఎనిమిదో రోజు నుంచి నాలుగో వరుస కలపండి: ఆ సాయంత్రం ఆయన ఇంట్లోకి అడుగుపెట్టాక మీ నోటి నుంచి వచ్చిన మొదటి వాక్యం, ఉన్నదున్నట్టు. ఆ నాలుగో వరుసతోనే వచ్చే పాఠం మొదలవుతుంది.