తిరుప్పావై పాశురానికి ఒక్కోచోట ఒక్కో అర్థం కనిపిస్తుంటే

చెన్నైలో ధనుర్మాసం వచ్చిందంటే మన తెలుగువాళ్లం కూడా తెలుగు లిపిలో ఉన్న పుస్తకం పట్టుకుని తిరుప్పావై పాడతాం. నాకు తమిళం చదవడం రాదు, మాట్లాడటం అంతంతమాత్రం. నాలుగో పాశురం 'ఆళి మళై కణ్ణా' అర్థం తెలుసుకుని పాడాలని కూర్చుంటే, దొరికిన అర్థాలు ఒకదానికొకటి పొసగలేదు. ఎక్కడ చిక్కుపడ్డానో, ఎలా విడిపించుకున్నానో చెబుతాను.

సమస్య: నిఘంటువులో వెతికితే సంబంధం లేని అర్థం వస్తోంది

'మళై' అంటే వాన. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పాఠంలో అది malai అని ఉంటే, నిఘంటువు 'కొండ' అని చెబుతుంది. తప్పు నిఘంటువుది కాదు. తమిళంలో ల, ళ కాక ఇంకో అక్షరం ఉంది. వరసగా ல, ள, ழ. మన పుస్తకాలు చివరి రెండింటినీ 'ళ' అనే అచ్చువేస్తాయి, ఇంగ్లీషులోనేమో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. కొండకు மலை, వానకు மழை.

అందుకని ముందు పాశురం తమిళ లిపి పాఠం సంపాదించండి. లిపి అంతా నేర్చుకోనక్కర్లేదు, ఈ మూడు అక్షరాలు గుర్తుపడితే చాలు. అనుమానం వచ్చిన మాటను ఆ పాఠం నుంచే కాపీ చేసి, మద్రాసు విశ్వవిద్యాలయం వారి తమిళ లెక్సికన్‌లో వెతకండి. అది dsal.uchicago.edu లో ఉచితంగా దొరుకుతుంది, అర్థాలు ఇంగ్లీషులో కూడా ఉంటాయి.

సమస్య: ఒకే మాటకు ఒకరు 'సముద్రం' అంటారు, ఇంకొకరు 'చక్రం' అంటారు

నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇదే. ஆழி అనే మాటకు రెండు అర్థాలూ ఉన్నాయి, పాశురంలో రెండూ వాడారు. ఏది ఎక్కడో పక్క మాటలే చెబుతాయి. రెండో పాదంలో 'లోపలికి చొచ్చి, నీరు ముంచుకుని, గర్జిస్తూ పైకెక్కి' అని ఉంది, కాబట్టి అక్కడ సముద్రం. ఐదో పాదానికి ముందు 'పద్మనాభుడి చేతిలో' అని, తర్వాత 'వలంపురి శంఖంలా' అని ఉంది. చేతిలో శంఖానికి జోడుగా ఉండేది చక్రమే. చక్రంలా మెరిసి, శంఖంలా ఉరమమంటోంది ఆండాళ్. ఏ అనువాదమైనా రెండు చోట్లా ఒకే అర్థం వేసిందంటే, దాన్ని రాసినవారు పాదాలు కలిపి చదవలేదన్నమాట.

'కణ్ణా' దగ్గర కూడా ఇంతే. మన చెవికి కన్నయ్యే వినిపిస్తాడు. కానీ 'ప్రళయకాలంలో ఆదిమూర్తి రూపంలాగా నల్లబడి' అని ఆ పిలిచినవాణ్నే అడుగుతోంది. విష్ణువుతో పోలుస్తోందంటే, పిలిచింది విష్ణువును కాదు, వానకు అధిపతి అయిన పర్జన్యుణ్ని. వ్యాఖ్యాతలు చెప్పేదీ అదే.

సమస్య: తమిళం మాతృభాష అయినవాళ్లు చెప్పిన అర్థమూ కుదరడం లేదు

మొదటి పాశురంలో 'పోదుమినో' అని వస్తుంది. పక్కింటి మామిగారి మనవణ్ని అడిగితే "పోదుమ్ అంటే చాలు అని అర్థం ఆంటీ" అన్నాడు. ఈనాటి తమిళంలో అది నిజమే. కానీ ఈ పాట వెయ్యేళ్లకు పైబడినది. 'పోదు' అంటే ఇక్కడ వెళ్లడం, రావడం. చివరి 'మిన్' పదిమందిని ఉద్దేశించి 'రండి' అనడానికి వాడే పాత ప్రత్యయం. పూర్తి మాటగా వెతికితే నిఘంటువులో దొరకదు, ధాతువు போது పట్టుకుని వెతకాలి.

ఇలాంటి చోట తమిళం తెలిసినవారిని "దీని అర్థమేమిటి?" అని కాకుండా, "దీనికి పదవురై చదివి చెబుతారా?" అని అడగండి. పదవురై అంటే మన ప్రతిపదార్థం, పొళిప్పురై అంటే తాత్పర్యం. నెట్‌లో వెతకడానికి పాశురం మొదటి మాటల పక్కన பதவுரை చేర్చండి:

```
ஆழி மழைக் கண்ணா பதவுரை
```

తాత్పర్యం ఒక్కటే ఇచ్చిన పుటలను నేను పక్కన పెట్టేస్తాను. ఏ మాటకు ఏ అర్థం తీసుకున్నారో కనబడనప్పుడు తప్పు పట్టుకునే దారే ఉండదు.

సమస్య: రెండూ మంచి పుస్తకాలే, అయినా అర్థాలు వేరు

ఇక్కడ తప్పు ఎవరిదీ కాకపోవచ్చు. పెరియవాచ్చాన్ పిళ్లై రాసిన మూవాయిరప్పడి వంటి వ్యాఖ్యానాల సంప్రదాయంలో మాటల అర్థం వేరు, లోపలి అర్థం వేరు. ఆ లోపలి అర్థాన్ని స్వాపదేశం అంటారు. సముద్రపు నీటిని తాగి లోకమంతా కురిసే మేఘంలో, శాస్త్రాలను గ్రహించి అందరికీ పంచే ఆచార్యుణ్ని చూస్తారు. పుస్తకంలో ఆ శీర్షిక ఉందేమో చూడండి. ఉంటే ప్రతిపదార్థాన్ని ప్రతిపదార్థంతో, స్వాపదేశాన్ని స్వాపదేశంతో పోల్చండి. నా దగ్గరున్న రెండు పుస్తకాలూ అలా పోల్చాక, ఏడు మాటల్లో తేడా అనుకున్నది ఒక్క మాటకు తగ్గింది. అది మొదటి పాదంలోని ஆழி. దాన్ని సముద్రమంత గంభీరమైన స్వభావంగా తీసుకున్నారు ఒకరు, ఉట్టి సముద్రంగా తీసుకున్నారు ఇంకొకరు. రెండూ నా పుస్తకం అంచున రాసుకున్నాను.